ఐదో నొక్కు

సామ్యూల్ గారిని చూస్తే ఈయన దేనికైనా భయపడే మనిషి అని ఎవరూ అనుకోరు. ఆరడుగుల ఒడ్డూ పొడుగూ, దువ్విన తెల్ల జుట్టు, చొక్కా జేబులో టెస్టరు. రాయపూర్ వ్యాగన్ల వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చేశాడు. బాపట్ల దగ్గర పల్లెటూరి నుంచి పెట్టె ఒకటి, బైబిలు ఒకటి పట్టుకుని రైలు దిగినవాడు డబ్ల్యూఆర్ఎస్ అనే ఆ వర్క్‌షాపు కాలనీ క్వార్టర్లోనే పెళ్ళాన్ని తెచ్చుకుని, పిల్లల్ని పెంచి, రిటైరయ్యాక ఆ పక్కనే రెండు గదుల అద్దె ఇంట్లో చేరాడు. నాలుగు వందల నలభై వోల్టుల మీద చెయ్యేసినా జంకని మనిషి. అలాంటివాడికి ఏడాదిగా గుండెల్లో రాయి పడింది. ఆ రాయి సంగతి భార్య దీనమ్మక్కూడా చెప్పలేదు.

ఆయనకి చూపు పోతోంది.

కుడికన్ను ముందు పోయింది. ఒకరోజు గడ్డం గీసుకుంటూ ఎడమకన్ను మూసి చూస్తే అద్దంలో మొహం లేదు, పాలు ఒలికినట్టు తెలుపు. ఎడమకన్ను ఇంకా పనిచేస్తోంది గానీ పెద్ద అంకెలు ముక్కు ఆనించి చూస్తే కనపడతాయి, చిన్న అక్షరాలు అలికేసినట్టుంటాయి. డాక్టరు దగ్గరికెళ్ళొచ్చు కదా అంటారేమో. వెళ్తే మాట బయటపడదూ! ఆయన తండ్రి ఇలాగే యాభై దాటాక చూపు పోగొట్టుకుని, పదకొండేళ్ళు అరుగు మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్ళ అడుగుల చప్పుడు వింటూ పోయాడు. అన్నం కంచంలో చెయ్యి ఎక్కడ పెట్టాలో కోడళ్ళు చెబితే తప్ప తెలిసేది కాదు. సామ్యూల్ గారికి ఆ అరుగు పీడకలలా వెంటాడేది. అందుకని ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఎవరికీ చెప్పకుండా దాచడం. మగాళ్ళ తెలివి అంతే మరి.

రిటైరయ్యాక దొరికిన పనీ అలాంటిదే, చూపుతో ముడిపడ్డది. ధర్సీవా వైపు పోయే రోడ్డు పక్కన ఒక సేఠ్ గారి కాంపౌండు ఉంది. కరెంటు పెద్ద లైను సేఠ్ పేరున ఒకటే. లోపల ఆరు షెడ్లు అద్దెకిచ్చి, షెడ్డుకో మీటరు పెట్టించాడు. ఆ మీటర్లు చదివి రిజిస్టర్లో రాయడం, ఫ్యూజులు చూడటం సామ్యూల్ గారి పని. మేనేజరు సాహూ ముప్పై ఐదేళ్ళవాడు, లెక్కంటే ప్రాణం, మనుషులంటే అనుమానం.

తొంభై ఎనిమిది జనవరిలో చక్రం తిరిగే పాత మీటర్లు తీసేసి, తెర ఉన్న కొత్త మీటర్లు బిగించారు. దాంతోపాటు సేఠ్ నోటీసు ఒకటి అంటించాడు. ఇకనుంచి కాంపౌండులో యూనిట్లు కేడబ్ల్యూహెచ్‌లో కాదు, కేవీఏహెచ్‌లో లెక్కేస్తామని.

ఆ నోటీసు పట్టుకుని మొదట పరిగెత్తుకొచ్చింది నాంచారమ్మ. మూడో షెడ్డు ఆవిడది. కారం, పసుపు ఆడించే మిల్లు. మొగుడు కోటయ్య పోయాక మోటార్లు తానే చూసుకుంటూ నలుగురు పనివాళ్ళకి కూడు పెడుతున్న మనిషి.

"ఏంటి బాబాయ్ గారూ ఇది? నేను ఆడించేదీ అదే మిరపకాయ, తిరిగేదీ అదే మోటారు. అంకె మాత్రం మూడొంతులున్న చోట నాలుగొంతులకి పైనే లేస్తుందంట. ఇదేం బద్మాషీ?" అంది.

"బద్మాషీ కాదమ్మా. ఇలా రా, చెప్తాను," అన్నాడు సామ్యూల్ గారు. చెప్పడమంటే ఆయనకి మహా ఇష్టం. "వర్క్‌షాపులో ఇంజను లేనప్పుడు వ్యాగన్ని తాడు కట్టి లాగేవాళ్ళం. పట్టాల మధ్యలో నుంచుని నేరుగా లాగితే లాగిన బలమంతా వ్యాగనుకే. అదే పట్టాల పక్కకి జరిగి ఏటవాలుగా లాగావనుకో, తాడు ఎక్కువ బిగుస్తుంది, చేతులు ఎక్కువ పీకుతాయి, బండి మాత్రం అంతే నడుస్తుంది. బండిని నడిపించినంత బలం కేడబ్ల్యూహెచ్. తాడు మోసినదంతా కేవీఏహెచ్. పక్కకి పోయింది పనికిరాదు, కానీ తాడు మొయ్యాల్సిందే కదా!"

"మోటారు ఏటవాలుగా లాగుతుందా?"

"మోటారు గుణమే అది. సగం బరువుతో తిప్పితే మరీను. నీ మోటారు పది మోస్తే ఏడు పని చేస్తోంది. మీటరు బిగించిన అబ్బాయే పవర్ ఫ్యాక్టర్ తెర చూపించాడు, సున్నా పాయింట్ ఏడు. కెపాసిటర్ బిగిస్తే తాడు నేరుగా వస్తుంది. పదికి తొమ్మిదిన్నర పనికొస్తుంది. బిగిస్తాలే నేనే."

బిగిస్తాలే అన్నాడు. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. కెపాసిటర్ తెప్పించి షెడ్డు మూల పెట్టించుకుంది నాంచారమ్మ. "రేపు బాబాయ్, ఎల్లుండి బాబాయ్," అని అడుగుతూనే ఉంది. సన్నటి తీగలు సన్నటి టెర్మినల్లో పెట్టాలి. కనపడితే కదా! ఆయన రోజుకో సాకు చెప్పి తప్పించుకున్నాడు. ఆ సాకులు చెప్పేటప్పుడు ఆయనకి సిగ్గేసేది, సిగ్గుకంటే ఎక్కువ భయమేసేది.

మీటరు చదవడానికి మాత్రం ఉపాయం కనిపెట్టాడు. అది తెర మార్చడానికి ఒక బటన్ ఉన్న మీటరు. ముట్టుకోనప్పుడు తన నంబరు చూపిస్తూ ఊరుకుంటుంది. మొదటి నొక్కుకి అన్నీ ఎనిమిదులు, తెరలో అంకెలన్నీ వెలుగుతున్నాయో లేదో చూసుకోడానికి. రెండో నొక్కుకి తేదీ, మూడో నొక్కుకి టైము. నాలుగో నొక్కుకి కేడబ్ల్యూహెచ్, ఐదో నొక్కుకి కేవీఏహెచ్. అంకె పెద్దగా ఉంటుంది. అది దేని అంకె అన్నది పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆ చీమ తలకాయల్ని ఆయన ఏనాడూ చదవలేదు. ఐదు లెక్కపెట్టడం, ఎడమకన్ను తెరకి ఆనించడం, అంకె రాసుకోవడం. అంతే. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే మోటార్లు మొదలవక ముందు ఆరు షెడ్లూ ఇలాగే తిరిగేవాడు.

ఆరు షెడ్లలో మూడో షెడ్డంటే ఆయనకి కాస్త ఊపిరాడేది. కారం గాల్లో ఉంటుంది, అక్కడ అందరి కళ్ళూ నీళ్ళు కారతాయి. పనివాళ్ళు కళ్ళు నులుముకుంటారు, నాంచారమ్మ కొంగుతో తుడుచుకుంటుంది. సామ్యూల్ గారు కళ్ళు చికిలించినా, మూసుకున్నా, తడుముకుంటూ నడిచినా అడిగేవాడు లేడు.

ఆ షెడ్డులోనే వచ్చింది చావు.

మే రెండున సాహూ ఆఫీసు గదిలోకి పిలిచాడు. రిజిస్టరు తెరిచి బల్ల మీదుంది.

"సామ్యూల్ చాచా, ఇది చూడండి," అన్నాడు హిందీలో. "మార్చి ఆఖరుకి మూడో షెడ్డు తొమ్మిది వేల ముప్పై నాలుగు. ఏప్రిల్ ఆఖరుకి ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు. మీటరు ముందుకి నడుస్తుందా, వెనక్కి నడుస్తుందా?"

సామ్యూల్ గారు రిజిస్టరు మీదికి వంగాడు. "నేను రాసిందే అది," అన్నాడు.

"మీరు రాసింది తప్పని నేననడం లేదు. ముప్పై నాలుగేళ్ళ రైల్వే మనిషి మీరు. ఆ ఆడమనిషి ఎవణ్ణో పట్టుకొచ్చి మీటరు తిప్పించింది. ఒక పని చెయ్యండి. రేపు పొద్దున్నే మళ్ళీ చదివి రండి. అప్పటికీ తక్కువుంటే పోలీసు థానాకి కబురు పెడతాను. పంచనామా రాసి లైను కోసేస్తాం."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. బటన్ వేలికి గరగరా తగిలింది. ఐదు నొక్కాడు. ఎనిమిది వేల ఐదు వందల ఎనభై. తొమ్మిది వేలు దాటలేదు.

నాంచారమ్మ వెనకే నిలబడి ఉంది. "ఏంటి బాబాయ్ గారూ, మళ్ళీ చదువుతున్నారు? ఏమైనా గడబడా?" అంది.

"ఏం లేదమ్మా," అన్నాడు. ఆ అబద్ధం నోట్లో చేదుగా తగిలింది. సాహూ దగ్గరికెళ్ళి అంకె చెప్పాడు. సాహూ ఫోను తీశాడు. రేపు పదకొండింటికి హవల్దారు వస్తాడని అక్కడికక్కడే తేలిపోయింది.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వస్తున్నాడు. కిటికీ పక్కన కూర్చుని మనసులో లెక్క వేసుకుంటున్నాడు. పాత అలవాటు, భయమేసినప్పుడల్లా లెక్కలు వేస్తాడు. ఒకటో తారీఖు పొద్దుట్నుంచి మూడో తారీఖు పొద్దుటిదాకా రెండు రోజులు. మిల్లు రెండు రోజులూ ఎప్పట్లాగే నడిచింది. ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు నుంచి ఎనిమిది వేల ఐదు వందల ఎనభైకి, నూట అరవై ఎనిమిది. రోజుకి ఎనభై నాలుగు. కానీ ఆ మిల్లు రోజుకి నూట ఇరవై కదా తినేది! సెలవు రోజులు తీసేస్తే మొదటి మూడు నెలల లెక్కా నూట ఇరవై అటూ ఇటూనే.

నూట ఇరవైలో ఎనభై నాలుగు. పదికి ఏడు.

ఓరి దేవుడా! మీటరు వెనక్కి తిరగలేదు. తాడు అంకె చదవాల్సిన చోట బండి అంకె చదివాడు. కేవీఏహెచ్ రాసే గడిలో కేడబ్ల్యూహెచ్ రాశాడు. ఐదు నొక్కులు నొక్కాడు, కానీ ఒక నొక్కు తగల్లేదు. ఎందుకు తగలదు? కారం. బటన్ చుట్టూ ఎర్రటి కారం గట్టిపడి ఉంది, వేలికి గరగరా తగిలింది కూడా. కారం మండుతుందని ఐదు లెక్కపెట్టేదాకా కళ్ళు మూసుకున్నాడు. ఎనిమిదులూ చూడలేదు, తేదీ చూడలేదు. చివర్న అంకె చూశాడు. చీమ తలకాయలు చూడలేదు. చూడలేడు!

"స్టాపు వచ్చింది, దిగరేంటి దాదా?" అని కండక్టరు అరిస్తే తెలివొచ్చింది.

ఇంట్లో దీనమ్మ అన్నం పెట్టింది. ఆయన కెలుకుతూ కూర్చున్నాడు.

"ఒంట్లో బాలేదా?" అంది.

"బానే ఉంది."

"బాగున్నవాడివి పప్పులో మజ్జిగ పోసుకున్నావేం?"

ఆయన కంచంలోకి చూశాడు. నిజమే. దీనమ్మ కంచం మార్చి వేరే అన్నం పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని ముద్ద ఉన్న చోట పెట్టింది. ఆవిడకి ఎన్నాళ్ళుగా తెలుసో! సామ్యూల్ గారికి ఒక్కసారిగా తండ్రి కంచం కళ్ళ ముందు కదిలింది.

రేపు నిజం చెబితే? ఉద్యోగం పోతుంది, సరే. కళ్ళులేనివాణ్ణని కాలనీ అంతటికీ తెలుస్తుంది. ఆ తర్వాత అరుగే గతి. చెప్పకపోతే? నాంచారమ్మ థానాకి పోతుంది. మిల్లు మూతపడుతుంది. దొంగ అన్న పేరు ఆడదాని మీద పడితే కడిగినా పోదు. పోనీ, బటన్ పాడైందని చెబితే! ఆ ఆలోచన రాగానే ప్రాణం లేచొచ్చింది. అబద్ధం కాదు కదా, బటన్లో కారం ఉన్న మాట నిజమే. సగం నిజంతో ఆవిడా బయటపడుతుంది, తనూ బయటపడతాడు. ఆ సగం నిజాన్ని పట్టుకుని పడుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి మూడో షెడ్డు ముందు జనం పోగయ్యారు. హవల్దారు బల్ల మీద కాగితం పెట్టుకుని రాసేశాడు. నాంచారమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడకి అప్పటిదాకా ఎవరూ విషయం చెప్పనేలేదు, ఇప్పుడు ఒక్కసారిగా చెప్పారు.

"నేనా! మీటరు తిప్పానా! మా ఆయన ఫోటో మీద ఒట్టు, ఆ డబ్బాని నేను గుడ్డతో తుడవడానికి కూడా భయపడతాను. బాబాయ్ గారూ, మీరైనా చెప్పండి! నెలనెలా చూసేది మీరే కదా!"

సాహూ కాగితాన్ని సామ్యూల్ గారి ముందుకి జరిపాడు. "చాచా, సాక్షి సంతకం. 'రెండుసార్లు స్వయంగా కళ్ళారా చూసి నమోదు చేశాను' అని రాశారు. ఇక్కడ."

పెన్ను చేతికిచ్చాడు. ఎక్కడ సంతకం పెట్టాలో ఆయనకి కనపడలేదు. తెల్ల కాగితం, దాని మీద నల్లటి మసక.

"సాహూజీ, ఒక్కసారి మీటరు దగ్గరికి రండి. ఈసారి మీరు నొక్కండి, నేను ముట్టుకోను," అన్నాడు.

"ఎందుకు?"

"రండి బాబూ, దణ్ణం పెడతాను."

అంత పెద్దమనిషి దణ్ణం పెడతానంటే సాహూ కాదనలేకపోయాడు. హవల్దారూ వచ్చాడు. నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనకే నిలబడింది.

"బటన్ చుట్టూ ముందు గుడ్డతో తుడవండి. ఆ, ఇప్పుడు ఒక్కో నొక్కూ నొక్కి, ఏం కనపడితే అది పైకి చదవండి. అంకె పక్కన అక్షరాలు కూడా."

సాహూ నొక్కాడు. "ఎనిమిదులు." మళ్ళీ నొక్కాడు. "తేదీ." మూడోది, "టైము." నాలుగోసారి నొక్కి, "ఎనిమిది వేల ఆరు వందల అరవై ఐదు. కేడబ్ల్యూహెచ్," అన్నాడు. ఐదోసారి నొక్కి ఆగిపోయాడు. "పన్నెండు వేల మూడు వందల ఎనభై ఏడు. కేవీఏహెచ్." సాహూ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆపకండి. ఆరు, ఏడు వదిలెయ్యండి, అవి డిమాండు, పవర్ ఫ్యాక్టర్. ఎనిమిదో నొక్కు నుంచి పాత నెలలు వస్తాయి. నెల మారిన అర్ధరాత్రి అంకెల్ని మీటరే దాచుకుంటుంది. దాన్ని ఎవరూ చెరపలేరు."

"ఏప్రిల్ ఆఖరు కేడబ్ల్యూహెచ్, ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు," సాహూ గొంతు తగ్గింది. "కేవీఏహెచ్, పన్నెండు వేల ఇరవై ఆరు. మార్చి ఆఖరు కేడబ్ల్యూహెచ్, ఆరు వేల మూడు వందల పద్దెనిమిది. కేవీఏహెచ్…" రిజిస్టరు తిరగేశాడు. "తొమ్మిది వేల ముప్పై నాలుగు."

హవల్దారు కూడా రిజిస్టర్లోకి తొంగిచూశాడు.

"మార్చిలో నేను కేవీఏహెచ్ రాశాను. ఏప్రిల్లో కేడబ్ల్యూహెచ్ రాశాను," అన్నాడు సామ్యూల్ గారు. "మీటరు ఎప్పుడూ ముందుకే నడిచింది. ఈవిడ దాని జోలికి పోలేదు. బటన్లో కారం ఇరుక్కుని ఒక నొక్కు తగల్లేదు."

నాంచారమ్మ అక్కడే కూలబడి బావురుమంది. హవల్దారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బటన్లో కారం. అయిపోయింది. సామ్యూల్ గారు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ సాహూ లెక్కల మనిషి కదా, అనుమానం అంత తేలిగ్గా వదలదు.

"నొక్కు తగల్లేదు, సరే. కానీ చాచా, అంకె పక్కన కేడబ్ల్యూహెచ్ అని రాసే ఉంది కదా. ఒకసారి కాదు, రెండుసార్లు చదివారు. మీరు చూడలేదా?"

నాంచారమ్మ ఏడుపు ఆపి తలెత్తి చూసింది. తొందరలో చూడలేదని అనొచ్చు. కారం మండి చూడలేదని అనొచ్చు. అందరూ నమ్ముతారు, ఆ షెడ్డులో అందరి కళ్ళూ కారుతూనే ఉన్నాయి. వచ్చే నెల మళ్ళీ ఐదు లెక్కపెట్టుకోవచ్చు. వచ్చే నెల ఇంకెవరో థానాకి పోవచ్చు.

"కనపడలేదు సాహూజీ," అన్నాడు. "నాకు కనపడదు. ఏడాదైంది. కుడికన్ను మొత్తం పోయింది. నేను చదవడం లేదు, నొక్కులు లెక్కపెడుతున్నాను."

సాహూ రిజిస్టరు చంకలో పెట్టుకుని మిగతా అయిదు షెడ్లకీ నడిచాడు. ప్రతి మీటరూ తానే నొక్కి, నాలుగు నెలల అంకెలూ సరిచూశాడు. సామ్యూల్ గారు వెనకాలే నడిచాడు, తీర్పు వినేవాడిలా. అన్నీ సరిపోయాయి. ఆ ఒక్క అంకే తప్పు.

"రేపట్నుంచి రావద్దు చాచా," అన్నాడు సాహూ చివరికి, మొహం చూడకుండా. "కళ్ళు చూపించుకోండి. పెద్దాసుపత్రిలో మా చిన్నాన్నకి ఆపరేషన్ చేశారు, పొర తీసేస్తే బాగైంది. బాగైతే రండి." కాస్త ఆగి, "లేకపోతే ఏం చెప్తాను," అన్నాడు.

అది పొరో, తండ్రికి వచ్చిన రోగమో ఆయనకి తెలీదు. తెలుసుకోవడానికే ఏడాదిగా భయపడ్డాడు. గేటు దాటి ఎండలోకొచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాడు.

వెనకనుంచి పరిగెత్తుకొచ్చింది నాంచారమ్మ. ఒంటి నిండా కారం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిడుతుందనుకున్నాడు. తిట్టే హక్కుంది.

"నన్ను థానాకి పంపేద్దామనుకున్నారా బాబాయ్?" అంది.

"రాత్రంతా అనుకున్నానమ్మా," అన్నాడు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని ఆయన పక్కనే నిలబడింది. దూరంగా బస్సు వస్తున్న చప్పుడైంది. ఏడాదిగా ఆయన బస్సుని చప్పుడు బట్టే ఆపుతున్నాడు, ఎక్కాక అది ఎక్కడికి పోతుందో కండక్టరు అరుపు బట్టి తెలుసుకుంటున్నాడు. ఎవరినీ అడిగేవాడు కాదు.

"బోర్డు చదవనా?" అంది నాంచారమ్మ.

"చదవమ్మా," అన్నాడు సామ్యూల్ గారు.